జీతంలో కలవని ప్రీమియం

పైడిభీమవరం చుట్టుపక్కల మందుల కంపెనీల్లో కొత్తగా చేరినవారికి ఒక కాగితం చేతికిస్తారు. అందులో ఏడాదికి కంపెనీ తమమీద పెట్టే మొత్తం ఖర్చు, అందరూ సీటీసీ అని పిలిచేది, వరుసగా ఉంటుంది. మూల వేతనం, ఇంటి అద్దె భత్యం, పీఎఫ్, గ్రాట్యుటీ, వీటన్నిటి కింద ఎక్కడో ఒక మూల గ్రూపు ఆరోగ్య బీమా ప్రీమియం. చాలామంది ఆ గీతను చూసి వేసే ప్రశ్న ఒకటే. "ఆ డబ్బులేవో మా చేతికే ఇచ్చేత్తే సరిపోద్ది కదండీ, మాకు నచ్చిన పాలసీ మేమే కొనుక్కుంటాం." ఇది న్యాయమైన ప్రశ్న. కంపెనీ అలా ఎందుకు చెయ్యదో తెలుసుకోవాలంటే ముందు ఆదాయపు పన్ను చట్టం దగ్గరికి వెళ్లాలి.

పన్ను లెక్కల్లో ఒక సాధారణ నియమం ఉంది. యజమాని ఒక రూపాయి జీతంగా ఇస్తే, ఆ రూపాయి ఆయనకు ఖర్చు, కాబట్టి ఆయన లాభంలోంచి తీసేస్తారు. అదే రూపాయి ఉద్యోగికి ఆదాయం, కాబట్టి ఉద్యోగి లెక్కలో చేరుస్తారు. ఒకచోట తీసినది మరొకచోట కలుస్తుంది. నగదు కాకుండా ఇల్లో, కారో ఇచ్చినా ఇదే నియమం. దానికి ఒక విలువ కట్టి జీతంలో కలుపుతారు. ఆరోగ్య బీమా ప్రీమియం మాత్రం ఈ నియమానికి బయట ఉంది. 1961 నాటి చట్టంలోని 36వ సెక్షను ప్రకారం, ఉద్యోగుల ఆరోగ్య బీమాకు కట్టిన ప్రీమియాన్ని యజమాని తన ఖర్చుగా చూపుకోవచ్చు. నగదు రూపంలో కట్టకూడదన్నదే షరతు. అదే చట్టం 17వ సెక్షను ఆ ప్రీమియం ఉద్యోగికి వచ్చిన ఆదాయం కాదంటుంది. రెండు చివర్లలోనూ ఆ డబ్బుమీద పన్ను పడదు. ఏప్రిల్ 1, 2026 నుంచి అమలయ్యే కొత్త ఆదాయపు పన్ను చట్టంలో ఈ సెక్షన్ల సంఖ్యలు వేరు. నేను పాత సంఖ్యలే చెబుతున్నాను, ఎందుకంటే మన ఆఫీసుల్లో అందరి నోటా ఉన్నవి అవే.

ఈ ప్రీమియాన్ని పన్ను వెయ్యకుండా ఎందుకు వదిలేశారు? మొదటి కారణం లెక్కకు సంబంధించినది. గ్రూపు పాలసీలో ప్రీమియం మొత్తం బృందానికి కలిపి కడతారు. ఇరవై మూడేళ్ల ఆపరేటరూ, యాభై ఏడేళ్ల ఫోర్‌మనూ ఒకే పాలసీలో ఉంటారు. తలకింత అని సగటు తీసి జీతంలో కలిపితే, ఆసుపత్రి గడప తొక్కని కుర్రవాడు పెద్దాయన జబ్బుల ఖర్చుమీద పన్ను కట్టినట్టవుతుంది. వయసును బట్టి కలిపితే, ఎక్కువ జబ్బు పడే అవకాశమున్నవాడిమీదే ఎక్కువ పన్ను పడుతుంది. రెండూ సబబుగా అనిపించవు. రెండో కారణం విధానానిది. జబ్బు వచ్చాక అప్పుచేసి ఆసుపత్రికి పరుగెత్తే కుటుంబాల సంఖ్య తగ్గాలని ప్రభుత్వం కోరుకుంది, యజమాని చేత బీమా కట్టించడం అందుకు దగ్గర దారి అనుకుంది. మన దేశంలో మెడిక్లెయిం పాలసీని జనరల్ ఇన్సూరెన్స్ కార్పొరేషన్ 1986లో తెచ్చింది. బీమాకు పన్ను రాయితీల కథ కూడా ఆ కాలంలోనే మొదలైంది.

అమెరికాలో ఈ కథ ఇంకా ముందే మొదలైంది. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో, 1942లో, అక్కడి ప్రభుత్వం జీతాల పెంపుమీద ఆంక్ష పెట్టింది. పనివాళ్లు దొరకడం కష్టంగా ఉన్న రోజులవి. జీతం పెంచకూడదు గానీ ఆరోగ్య బీమా ఇవ్వవచ్చన్న వెసులుబాటు దొరికింది, కంపెనీలు దాన్ని అందిపుచ్చుకున్నాయి. 1954లో ఆ ప్రీమియం ఉద్యోగి ఆదాయం కాదని చట్టంలోనే రాశారు. ఆ తర్వాత ఆ దేశంలో బీమా అంటే ఉద్యోగంతో పాటు వచ్చేది అన్న ఏర్పాటు గట్టిపడిపోయింది. మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి వెళ్లి అక్కడ సాఫ్ట్‌వేరు పని చేస్తున్న పిల్లలకు ఇది అనుభవమే. ఉద్యోగం పోతే బీమా కూడా పోతుంది. కోబ్రా అనే చట్టం కింద సాధారణంగా పద్దెనిమిది నెలలు పాత పాలసీలో కొనసాగవచ్చు, కానీ అంతవరకు యజమాని కడుతూ వచ్చిన వాటా కూడా తామే కట్టుకోవాలి. పన్ను చట్టంలో ఒక చిన్న మినహాయింపు ఒక దేశపు వైద్యం తీరునే మార్చిందనడానికి అంతకంటే పెద్ద ఉదాహరణ నాకు తెలియదు.

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. లెక్క తేలికగా ఉండడానికి ఒక ఊహా కంపెనీని తీసుకుంటాను. అందులో నెలకు 24,000 రూపాయల జీతం తీసుకునే ఆపరేటరు ఒకరు, అన్ని తగ్గింపులూ పోగా ఏడాదికి 26 లక్షల పన్ను ఆదాయం ఉన్న మేనేజరు ఒకరు. ఇద్దరికీ ఒకే పాలసీ. ప్రీమియం 20,000, దానిమీద 18 శాతం జీఎస్టీ 3,600, మొత్తం 23,600 రూపాయలు కంపెనీ కడుతుంది.

ఇదే 23,600 నగదుగా ఇచ్చారనుకుందాం. మేనేజరు కొత్త పన్ను విధానంలో 30 శాతం శ్లాబులో ఉన్నారు, సెస్సుతో కలిపి 31.2 శాతం. ఆయన చేతికి మిగిలేది 16,237 రూపాయలు. 7,363 రూపాయలు పన్నుకింద పోతాయి. కాబట్టి పాలసీగా తీసుకోవడమే ఆయనకు లాభం. ఆపరేటరు సంగతి వేరు. 2025–26 నుంచి కొత్త విధానంలో 12 లక్షల పన్ను ఆదాయం దాకా, జీతగాళ్లకైతే ప్రామాణిక తగ్గింపు 75,000 కలిపి 12 లక్షల 75 వేల దాకా, పన్ను లేదు. ఏడాదికి మూడు లక్షలు కూడా రాని ఆపరేటరుకు ఆ 23,600 నగదుగా వచ్చినా ఒక్క రూపాయి పన్ను పడదు. పాలసీగా వచ్చినా పడదు. ఆయన విషయంలో ఈ మినహాయింపు విలువ సున్నా.

మన రెండు జిల్లాల్లో జీతాలు చూస్తే, నెల్లిమర్ల జూటు మిల్లుల నుంచి రణస్థలం దాకా, ఫ్యాక్టరీల్లో పనిచేసేవారిలో చాలామంది ఆ ఆపరేటరు వైపే ఉంటారు. అంటే ఈ పన్ను మినహాయింపులోని సొమ్ము నేరుగా చేరేది పై జీతాలవారికే. జీతం పెరిగేకొద్దీ మినహాయింపు విలువ పెరుగుతుంది. అవసరం మాత్రం అందుకు ఎదురు దిశలో ఉంటుంది. ఈ మాట నేను నింద వేయడానికి అనడం లేదు. మినహాయింపు అనే పనిముట్టు స్వభావమే అది. పన్ను కట్టనివాడికి పన్ను తగ్గించడం ఎవరి వల్లా కాదు.

మధ్యలో ఒక చిత్రమైన మెట్టు కూడా ఉంది. పన్ను ఆదాయం సరిగ్గా 12 లక్షలున్న ఉద్యోగికి పన్ను సున్నా. ఆయన జీతంలో మరో 30,000 కలిపారనుకోండి. శ్లాబుల ప్రకారం పన్ను 64,500 కావాలి, కానీ 12 లక్షలు దాటిన మొత్తంకంటే పన్ను ఎక్కువ ఉండకూడదన్న ఊరట నియమం వల్ల అది 30,000 దగ్గర ఆగుతుంది. దానిమీద సెస్సు మరో 1,200. అంటే కలిపిన 30,000 మొత్తం ప్రభుత్వానికే వెళ్తుంది, పైగా ఆయన జేబులోంచి ఇంకొంత పోతుంది. 12 లక్షలకు పైన సుమారు 70,000 దాకా ఇదే పరిస్థితి. ఈ మెట్టు దగ్గర ఉన్న సీనియర్ కెమిస్టుకో, షిఫ్టు ఇన్‌ఛార్జికో కంపెనీ కట్టే ప్రీమియం పూర్తి విలువతో అందుతుంది, అదే నగదుగా వస్తే ఏమీ మిగలదు. జీతం కొంచెం పెంచమని అడిగేటప్పుడు ఇలాంటివారు దాన్ని బీమా రూపంలో అడగడం తెలివైన పని.

సరే, ఆపరేటరుకు పన్ను లాభం లేదు కదా, మరి కంపెనీ ఆయనకు నగదు ఎందుకివ్వదు? ఇక్కడ పన్ను పక్కకు తప్పుకుని వేరే లెక్కలు ముందుకొస్తాయి. 23,600 రూపాయలు మూల వేతనంలో కలిపితే, పూర్తి మూల వేతనంమీద పీఎఫ్ కట్టే కంపెనీకి 12 శాతం చొప్పున మరో 2,832 రూపాయలు ఖర్చు. గ్రాట్యుటీ లెక్కలో ఏడాదికి పదిహేను రోజుల జీతం చొప్పున మరో 1,135. ఓవర్‌టైము రేటు కూడా ఆ మేరకు పెరుగుతుంది. ప్రీమియం మూల వేతనం కాదు కాబట్టి వీటిలో దేనికీ లెక్కకు రాదు. మరోవైపు నుంచి చూస్తే, గ్రూపు పాలసీమీద కట్టిన 3,600 జీఎస్టీని, చట్టం ఆ బీమాను తప్పనిసరి చేస్తే తప్ప, కంపెనీ తన పన్నులో సర్దుబాటు చేసుకోలేదు. అయితే ఆ 3,600 ఇప్పటికే 23,600లో చేరి ఉంది. అంటే కింది జీతాలవారి దగ్గర అదే మొత్తం నగదుగా ఇస్తే ఈ పీఎఫ్, గ్రాట్యుటీ మేరకు కంపెనీకి ఖర్చు ఎక్కువే.

ఉద్యోగి వైపు నుంచి చూస్తే, 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తులు సొంతంగా కొనుక్కునే ఆరోగ్య పాలసీలమీద జీఎస్టీ ఎత్తేశారు. గ్రూపు పాలసీలమీద 18 శాతం అలాగే ఉంది. కాబట్టి పన్నుల లెక్క ఒక్కటే చూస్తే, ఆదాయపు పన్ను లేని ఆపరేటరు డబ్బు చేతికి తీసుకుని తన పేర పాలసీ కొనుక్కోవడమే మేలన్నట్టు కనిపిస్తుంది. నేను మాత్రం ఆయనకు ఆ సలహా ఇవ్వను. ఎందుకో ఉద్దానం చూస్తే తెలుస్తుంది.

కవిటి, సోంపేట, ఇచ్ఛాపురం, కంచిలి, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలాల్లో కిడ్నీ జబ్బు ఎన్ని ఇళ్లను కుంగదీసిందో మీకు నేను చెప్పనక్కర్లేదు. కారణం ఇదీ అని ఇప్పటికీ తేలలేదు. ఆ ఊళ్ల కుర్రవాళ్లు పైడిభీమవరంలోనూ, విశాఖలోనూ పనిచేస్తున్నారు. అలాంటి కుర్రవాడు సొంతంగా పాలసీ కొనబోతే ప్రపోజల్ ఫారంలో ఉన్న జబ్బులు రాయాలి. క్రియాటినిన్ ఎక్కువగా ఉందని ముందే తెలిస్తే, బీమా సంస్థ పాలసీ ఇవ్వకపోవచ్చు, ప్రీమియం పెంచవచ్చు, లేదా ఆ జబ్బుకు మూడేళ్ల దాకా డబ్బు ఇవ్వం అనవచ్చు. అప్పటికే ఉన్న జబ్బుకు ఎదురుచూసే కాలం 36 నెలలకు మించకూడదని బీమా నియంత్రణ సంస్థ 2024లో నియమం పెట్టింది. అంతకుముందు నాలుగేళ్లు ఉండేది. మూడేళ్లన్నది కిడ్నీ రోగికి చిన్న గడువు కాదు.

గ్రూపు పాలసీలో సాధారణంగా ఈ అడ్డు ఉండదు. చేరిన రోజు నుంచే పాత జబ్బులకు కూడా వర్తిస్తుంది. బీమా సంస్థకు ఇందులో ధర్మబుద్ధి ఏమీ లేదు, అది లెక్క. సొంతంగా పాలసీ కొనడానికి ముందుకొచ్చేవారిలో ఆరోగ్యం బాగోలేనివారు ఎక్కువ ఉంటారని దానికి భయం. ఫ్యాక్టరీలో చేరినవారు ఉద్యోగం కోసం చేరారు, బీమా కోసం కాదు. అందులో ఆరోగ్యవంతులూ రోగులూ సహజంగానే కలిసి ఉంటారు. అందుకే ఒక్కొక్కరినీ పరీక్షించకుండా అందరినీ ఒకే ధరకు తీసుకోగలదు. ఈ ఏర్పాటు నిలవాలంటే అందరూ అందులో ఉండాలి. నగదు కావాలా, పాలసీ కావాలా అని మనిషికి మనిషికీ ఎంపిక ఇస్తే, కుర్రవాళ్లు నగదు తీసుకుంటారు, జబ్బుపడ్డవారు మిగులుతారు, మరుసటి ఏడాది ప్రీమియం పెరుగుతుంది, అప్పుడు ఇంకొందరు వెళ్లిపోతారు. కంపెనీలు "చేతికిచ్చెయ్యండి" అన్న మాటకు ఒప్పుకోకపోవడానికి నా దృష్టిలో పన్నుకంటే బలమైన కారణం ఇదే. పన్ను మినహాయింపు దీన్ని మొదలుపెట్టించింది, బృందం లెక్క దీన్ని నిలబెట్టింది.

ఇక పన్ను నియమం బీమా ఆకారాన్ని ఎలా మలిచిందో చూద్దాం. 2018 మార్చి దాకా మందుల బిల్లులు చూపిస్తే ఏడాదికి 15,000 రూపాయల వరకు కంపెనీ తిరిగి ఇచ్చే సొమ్ముమీద పన్ను ఉండేది కాదు. మందుల షాపు రశీదులు దాచుకుని మార్చిలో ఆఫీసుకు ఇచ్చిన రోజులు చాలామందికి గుర్తుంటాయి. ఆ ఏడాది ఏప్రిల్ నుంచి దాన్నీ, రవాణా భత్యం మినహాయింపునూ తీసేసి 40,000 రూపాయల ప్రామాణిక తగ్గింపు ఇచ్చారు. కాగితాల బాధ తగ్గింది. కానీ పన్ను లేకుండా వైద్యానికి యజమాని ఇవ్వగలిగిన దారుల్లో మామూలు కంపెనీకి మిగిలిన ప్రధానమైన దారి బీమాయే అయింది. మన గ్రూపు పాలసీల్లో ఎక్కువ భాగం ఆసుపత్రిలో చేరితేనే డబ్బు ఇస్తాయి. ఆపరేషనుకు ఇస్తాయి, డయాలసిస్ లాంటి డే కేర్ చికిత్సలకు ఇస్తాయి. నెలనెలా చేయించుకోవాల్సిన రక్తపరీక్షకు, బీపీ బిళ్లలకు, డాక్టరు ఫీజుకు ఇవ్వవు. కిడ్నీ జబ్బును తొలిదశలో ఆపేవి ఆ పరీక్షలూ ఆ బిళ్లలే. అవి చేతి డబ్బుతో కొనుక్కోవాలి, డయాలసిస్ దాకా వెళ్లాక పాలసీ పలుకుతుంది. ఈ అమరిక నాకు ఏ మాత్రం సబబుగా కనిపించదు.

తల్లిదండ్రుల విషయం కూడా చెప్పాలి. పన్ను చట్టం దృష్టిలో కుటుంబం అంటే భార్య లేదా భర్త, పిల్లలు, పూర్తిగానో ప్రధానంగానో ఉద్యోగిమీద ఆధారపడిన తల్లిదండ్రులు, తోబుట్టువులు. తల్లిదండ్రులను కలిపితే ప్రీమియం బాగా పెరుగుతుంది కాబట్టి కంపెనీలు ఖర్చు తగ్గించుకోవాలంటే ముందు తీసేసేది వారినే. లేదంటే వారి ప్రీమియాన్ని ఉద్యోగి జీతంలోంచి కోస్తాయి. అలా కోసినది మీరు కట్టినట్టే లెక్క, పన్ను కట్టాల్సిన జీతంలోంచే పోతుంది. పాత విధానంలో ఉంటే 80డి కింద దానికి తగ్గింపు అడగవచ్చు. ఇప్పుడు ఎవరూ వేరే కోరకపోతే అందరికీ వర్తించే కొత్త విధానంలో 80డి లేదు. యజమాని కడితే పన్ను లేదు, అదే పాలసీకి మీరు కడితే రాయితీ లేదు. 2023–24 నుంచి కొత్త విధానం ముందుకొచ్చాక ఈ తేడా పెద్దదైంది.

నెలకు 21,000 రూపాయల లోపు జీతమున్నవారికి ఇదంతా కాక ఈఎస్‌ఐ ఉంది. 1948 నాటి చట్టంతో మొదలైనది అది. యజమాని 3.25 శాతం, ఉద్యోగి 0.75 శాతం కడతారు. 20,500 జీతానికి యజమాని వాటా నెలకు 666 రూపాయల పైచిలుకు, మీ వాటా 154. ఆధారపడిన తల్లిదండ్రులకు కూడా వైద్యం ఉంది, పాలసీలో ఉన్నట్టు ఇన్ని లక్షలే అన్న గీత లేదు. జీతం 21,000 దాటితే, అప్పటి ఆరు నెలల చందా కాలం పూర్తయ్యాక ఈఎస్‌ఐ చందా ఆగిపోతుంది. ఆ పరిమితి 2017 జనవరి నుంచి మారలేదు. అందుకే ఆ పరిమితి దాటించే పెంపు వచ్చినప్పుడు సంతోషించే ముందు, మరుసటి ఏప్రిల్‌లోనో అక్టోబరులోనో మీ పేరు గ్రూపు పాలసీలో చేరుతుందా అని అడగండి. ఈఎస్‌ఐ పోయి, పాలసీ రాక, మధ్యలో మిగిలిపోయే కుటుంబాలున్నాయి.

కాంట్రాక్టు పనివారికి చాలాచోట్ల ఈ గ్రూపు పాలసీ వర్తించదు, ఎందుకంటే వారు కంపెనీ రోల్స్‌లో ఉండరు. వారికి ఈఎస్‌ఐ హక్కు మాత్రం ఉంది. కాంట్రాక్టరు కట్టకపోతే కట్టవలసిన బాధ్యత అసలు యజమానిమీద ఉంటుందని చట్టం చెబుతుంది. జీతం చీటీలో ఈఎస్‌ఐ కోత కనిపించినంత మాత్రాన డబ్బు చేరినట్టు కాదు. ప్రతి నెల చందా మరుసటి నెల 15వ తేదీలోగా జమ కావాలి. ఉమంగ్ యాప్‌లో మీ బీమా నంబరుతో చూస్తే ఏ నెలకు ఎంత పడిందో కనిపిస్తుంది. వరసగా రెండు నెలలు ఖాళీగా ఉంటే అప్పుడే అడగాలి, జబ్బు చేశాక కాదు. పలాసలో చిన్న చిన్న జీడిపప్పు బట్టీల్లో పదిమంది కూడా లేనిచోట పనిచేసేవారికి ఈ రెండూ లేవు. వారికి 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవగా ఉన్న పథకమే ఆధారం. యజమాని ప్రీమియంమీద వదులుకున్న పన్నులో వారికి దక్కేది ఏమీ లేదు.

చివరిగా, ఉద్యోగం మానేవారికి, రిటైరయ్యేవారికి ఒక మాట. గ్రూపు పాలసీ సాధారణంగా మీ ఆఖరి పనిదినంతోనే ఆగిపోతుంది. ఆ పాలసీ ఇచ్చిన బీమా సంస్థలోనే వ్యక్తిగత పాలసీకి మారే వీలు ఉంది. గ్రూపులో గడిపిన కాలాన్ని పాత జబ్బుల ఎదురుచూపు గడువులో జమ కడతారు. అయితే పాలసీ ఆగిపోకముందే దరఖాస్తు పెట్టాలి, గ్రూపులో ఉన్నంత బీమా మొత్తానికే ఆ జమ వర్తిస్తుంది, కొత్త ప్రీమియం మీ వయసును బట్టి ఉంటుంది. రాజీనామా ఉత్తరం ఇచ్చిన రోజే హెచ్‌ఆర్ దగ్గర మూడు విషయాలు రాతపూర్వకంగా తీసుకోండి: పాలసీ నంబరు, మీరు అందులో చేరిన తేదీ, మీ పేరున ఉన్న బీమా మొత్తం. ఈ మూడూ లేకుండా బీమా కార్యాలయానికి వెళ్తే మీ పాత కాలాన్ని రుజువు చేసుకోవడం కష్టమవుతుంది.